నాన్న గుండె స్కాన్ రిపోర్టులో ఫిక్స్‌డ్, రివర్సిబుల్ రెండూ ఉన్నాయి. దేనికి భయపడాలి?

తెనాలి అమ్మాయి · శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 61 ఏళ్లు. 12 ఏళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలలుగా మేడ మెట్లెక్కితే ఆయాసం, ఒక్కోసారి ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఈసీజీ, ఎకో చూసి కార్డియాలజిస్టు గారు స్ట్రెస్ థాలియం స్కాన్ రాశారు. నిన్న చేయించాం. రిపోర్టు చేతికొచ్చింది కానీ డాక్టర్ గారు బుధవారం దాకా ఊళ్లో లేరు.

రిపోర్టులో ముఖ్యంగా రెండు మాటలు ఉన్నాయి. గుండె కింది గోడలో ఒక మోస్తరు ఫిక్స్‌డ్ డిఫెక్ట్. ముందు గోడలోనూ కొసనా చిన్న రివర్సిబుల్ డిఫెక్ట్. గుండె ఒక్కో దెబ్బకు రక్తాన్ని ఎంత బయటికి పంపుతుందో చెప్పే ఈఎఫ్ 46 శాతం.

ఫిక్స్‌డ్ అంటే సరైపోయిందని అనుకుని మా అమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. రివర్సిబుల్ అంటే జబ్బు మళ్లీ తిరగబెడుతుందని మా తమ్ముడు అంటున్నాడు. రంగు ఫొటోల్లో కింద పెద్ద నల్ల మచ్చ ఉంది, నాకు అది చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి.

---

వాకింగ్ మిత్రుడు · శనివారం రాత్రి

అమ్మా, రివర్సిబుల్ అంటే మంచి వార్తే. వెనక్కి తిప్పవచ్చని అర్థం. నూనె తగ్గించి, రోజూ నడిచి, ప్రాణాయామం చేస్తే ఆరు నెలల్లో ఆ బ్లాకు కరిగిపోతుంది. నేను షుగర్‌ని అలాగే అదుపులోకి తెచ్చుకున్నాను. స్టెంట్ అంటే తొందరపడకండి.

---

రైలుపేట రాజు · శనివారం రాత్రి

ఫిక్స్‌డ్ అంటే సరైపోవడం కాదండీ, ఆ కండ చచ్చిపోయిందని. ఎప్పుడో తెలియకుండా హార్ట్ ఎటాక్ వచ్చి ఉంటుంది. ఇక దానికి చేసేదేం లేదు. రివర్సిబుల్ అంటే కండ బతికే ఉంది, రక్తం చాలట్లేదు, స్టెంట్ వేస్తే సరిపోతుంది. మా బాబాయికి ఇలాగే చెప్పారు.

---

గామా కెమెరా · ఆదివారం ఉదయం

తెనాలి అమ్మాయి గారూ, నేను 16 ఏళ్లుగా న్యూక్లియర్ మెడిసిన్‌లో టెక్నాలజిస్టుని. రిపోర్టు రాసేది డాక్టర్లు, ఫొటోలు తీసేది మేము. నిర్ణయం మీ డాక్టరు గారిదే. ఆ మాటలకు అర్థం మాత్రం చెప్పగలను.

ముందుగా, రివర్సిబుల్ అన్న మాట జబ్బు గురించి చెప్పింది కాదు, ఫొటో గురించి చెప్పింది. నాన్నగారికి రెండుసార్లు సూదితో కొంచెం రేడియేషన్ మందు వేసి ఉంటారు, రక్తం పారిన చోటల్లా అది గుండె కండలోకి చేరి ఫొటోలో వెలుగుతుంది. ఒకటి విశ్రాంతిగా ఉన్నప్పుడు, ఒకటి ట్రెడ్‌మిల్ మీద గుండె బాగా కొట్టుకుంటున్నప్పుడు. రెండు సూదులకూ రెండు ఫొటోలు. శ్రమ ఫొటోలో కనిపించిన మచ్చ విశ్రాంతి ఫొటోలో మాయమైతే దాన్ని రివర్సిబుల్ అంటారు. రెండింటిలోనూ అక్కడే, అంతే ఉంటే ఫిక్స్‌డ్. అంతే. జబ్బు తిరగబెట్టడం గానీ, బ్లాకు వెనక్కి మళ్లడం గానీ ఈ మాటలో లేదు.

మీది తెనాలి కాబట్టి కాలువ లెక్కన చెబుతాను. ఒక కాలువలో పూడిక పడింది. మామూలు రోజుల్లో దాని కింది పొలానికీ సరిపడా నీళ్లు వస్తాయి, తేడా తెలియదు. నాట్ల వేళ అందరూ ఒకేసారి నీళ్లు కావాలంటారు. పూడిక లేని కాలువ మూడు నాలుగింతలు ఇస్తుంది, పూడిక ఉన్నది ఇవ్వలేదు. ఆ చివరి పొలం ఎండుతుంది. గుండె రక్తనాళం సగం కంటే ఎక్కువ మూసుకుపోయినా విశ్రాంతిలో రక్తం తగ్గదు, ఎందుకంటే దాని కింద ఉన్న సన్న నాళాలు తెరుచుకుని సర్దుకుంటాయి. శ్రమలో అప్పటికే తెరుచుకుని ఉన్నవి ఇంకెంత తెరుచుకుంటాయి? అందుకే పక్కవాటితో పోలిస్తే అక్కడ మందు తక్కువ చేరి మచ్చగా పడుతుంది. పొలం బతికే ఉంది, నీళ్లే చాలలేదు. మీ నాన్నగారి ముందు గోడ పరిస్థితి ఇది.

రాజు గారు ఫిక్స్‌డ్ గురించి చెప్పింది సగమే నిజం. దాని గురించి సాయంత్రం డ్యూటీ అయ్యాక రాస్తాను. ఈలోగా మీరు రిపోర్టులో మూడు విషయాలు వెతికి పెట్టండి. ట్రెడ్‌మిల్ మీద గుండె వేగం ఎంతదాకా వెళ్లింది? కింది గోడ కదలిక గురించి ఏమైనా రాశారా? ఆ రోజు పొద్దున నాన్నగారు ఏ మాత్రలు వేసుకున్నారు?

---

మల్లెతీగ · ఆదివారం ఉదయం

నాదీ చెప్పొచ్చా? నాకు 49. పోయిన ఏడాది ఇదే స్కాన్‌లో ముందు గోడలో ఫిక్స్‌డ్ డిఫెక్ట్ అని రాశారు. రాత్రంతా ఏడ్చాను, నాకు తెలియకుండానే గుండెపోటు వచ్చిపోయిందని. తర్వాత డాక్టర్ చూసి, అది రొమ్ము నీడ అమ్మా, గుండెకి ఏమీ కాలేదు అన్నారు. నీడ అంటే ఏంటో అప్పుడు అడగలేకపోయాను. ఇంతకీ నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారా, నిజమేనా?

---

ప్రసాద్ డాలస్ · ఆదివారం ఉదయం

మా అమ్మకు ఇక్కడ చేశారు. మోకాళ్ల నొప్పుల వల్ల నడవలేదు కాబట్టి రెగాడెనోసాన్ అనే ఇంజక్షన్‌తో చేద్దామన్నారు. టేబుల్ మీద పడుకోబెట్టాక కాఫీ తాగారా అని అడిగారు. అమ్మకు పొద్దున ఫిల్టర్ కాఫీ లేనిదే కుదరదు. తాగానంది. వెంటనే లేపి ఇంకో రోజు రమ్మన్నారు. మాకు కోపం వచ్చింది, ఒక్క కప్పు కాఫీకి ఇంత రాద్ధాంతమా అని. తెనాలి అమ్మాయి గారూ, మీ నాన్నగారు ఆ రోజు టీ తాగారేమో అడగండి, స్కాన్ తప్పు రావచ్చు.

---

తెనాలి అమ్మాయి · ఆదివారం మధ్యాహ్నం

గామా కెమెరా అన్నా, చాలా థాంక్స్. అమ్మకు కాలువ సంగతి చెబితే వెంటనే అర్థమైంది.

మీరడిగినవి ఇవిగో. ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలు పైన నడిచారు, గుండె వేగం 128 దాకా వెళ్లింది, కాళ్లు లాగుతున్నాయని ఆపేశారు. కింది గోడ గురించి, కదలిక తగ్గింది, మందం కావడం కూడా తగ్గింది అని ఉంది. ఆ రోజు పొద్దున రోజూలాగే మెటోప్రొలాల్ మాత్ర వేసుకున్నారు, ఆపమని ఎవరూ చెప్పలేదట. టీ కూడా తాగారు ప్రసాద్ గారూ.

ఇంకో సంగతి. రాజు గారు ఎప్పుడో ఎటాక్ వచ్చి ఉంటుందంటే గుర్తొచ్చింది. నాలుగేళ్ల కిందట మా అక్క పెళ్లి మర్నాడు నాన్నకు పొద్దున్నే పై పొట్టలో మంట, రెండు వాంతులు, ఒళ్లంతా చెమటలు పట్టాయి. పెళ్లి భోజనం పడలేదనుకుని గ్యాస్ మాత్ర వేసి పడుకోబెట్టాం. అదేనా?

---

గామా కెమెరా · ఆదివారం రాత్రి

అదేనని నేను చెప్పలేను, కానీ కింది గోడకు వచ్చే గుండెపోటు తీరు చాలామందిలో అలాగే ఉంటుంది. ఛాతీ నొప్పి కంటే పై పొట్ట మంట, వాంతులు, చెమటలు ఎక్కువ. పైగా షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి సరిగా తెలియకపోవచ్చు. పాత ఈసీజీలు ఉంటే బుధవారం పట్టుకెళ్లండి. కింది గోడను చూసే లీడ్లలో పాత గాయం గుర్తులు ఉన్నాయా అని డాక్టర్ ఒక్క చూపులో చెబుతారు.

ఇక ఫిక్స్‌డ్ గురించి. రెండు ఫొటోల్లోనూ మచ్చ ఉండటానికి మూడు దారులున్నాయి.

మొదటిది రాజు గారు చెప్పిందే. కండ చచ్చి మచ్చకట్టింది. మేం వేసే మందు సెస్టామిబి. అది బతికున్న కణంలోకి వెళ్లి అక్కడే అంటుకుని ఉండిపోతుంది. కణమే లేకపోతే పట్టుకునేవాళ్లు లేరు. విశ్రాంతైనా శ్రమైనా అక్కడ ఖాళీయే.

రెండోది మల్లెతీగ గారి నీడ. అమ్మా, మీ డాక్టరు గారు ఊరుకోబెట్టడానికి అనలేదు. గుండెలోంచి వచ్చే గామా కిరణాలు కెమెరా దాకా రావాలంటే మధ్యలో ఒళ్లు దాటి రావాలి. ఆడవాళ్లలో ఎడమ రొమ్ము ముందు గోడకు అడ్డం వస్తుంది. మగవాళ్లలో, ముఖ్యంగా పొట్ట ఉన్నవాళ్లలో, ఛాతీకీ పొట్టకీ మధ్య పొరలా ఉండే డయాఫ్రం కింది గోడకు అడ్డం వస్తుంది. అడ్డం రెండు ఫొటోల్లోనూ ఒకేచోట ఉంటుంది కాబట్టి మచ్చ ఫిక్స్‌డ్‌గా కనిపిస్తుంది. అసలు గాయమా, నీడా అని ఎలా తెలుస్తుందంటే కదలికను బట్టి. కెమెరాను ఈసీజీకి కట్టి ఒక్కో గుండె చప్పుడును ఎనిమిదో పదహారో ముక్కలుగా తీస్తాం. అది సినిమాలా ఆడుతుంది. బతికున్న కండ ముడుచుకున్నప్పుడు మందమవుతుంది, తెరమీద వెలుగుతుంది. మచ్చ ఉన్నచోట కండ చక్కగా మందమవుతుంటే అది నీడే. అక్కడా కదలిక లేకపోతే గాయమే అనుకోవాలి. అనుమానం ఉంటే బోర్లా పడుకోబెట్టి మళ్లీ తీస్తాం. అప్పుడు డయాఫ్రం జరిగి కింది గోడ మచ్చ మాయమైందంటే గొడవ తీరింది.

నీడ విషయంలో మా తప్పు కూడా ఒకటి ఉంటుంది, దాచను. ఒక ఫొటోకు లోదుస్తులతో, ఇంకోదానికి లేకుండా తీస్తే రొమ్ము జరిగి నీడ చోటు మారుతుంది. అప్పుడు లేని రివర్సిబుల్ డిఫెక్ట్ పుడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజు నేర్పేది ఇదే, రెండుసార్లూ ఒకేలా పడుకోబెట్టమని.

తెనాలి అమ్మాయి గారూ, మీ నాన్నగారికి కింది గోడ కదలడమూ తగ్గింది, మందం కావడమూ తగ్గింది. కాబట్టి అది నీడ అనుకోవడానికి వీల్లేదు.

మూడో దారి ఉంది. కండ బతికే ఉంటుంది, కానీ విశ్రాంతిలో కూడా రక్తం చాలక పని ఆపేసి ముడుచుకుని పడుకుంటుంది. దాన్ని నిద్రాణమైన కండ అంటారు. దానికీ విశ్రాంతి సూదిలో మందు సరిగా అందదు కాబట్టి చచ్చినదానిలాగే కనిపించవచ్చు. ఇది కదలదు కూడా, అందువల్ల సినిమా చూసి తేల్చలేం. అందుకే రాజు గారి "చేసేదేం లేదు" దగ్గర నేను ఆగిపోయాను.

---

రైలుపేట రాజు · ఆదివారం రాత్రి

ఒప్పుకుంటున్నా అన్నా, ఆ మూడోది నాకు తెలియదు. మరి చచ్చిందో, నిద్రలో ఉందో ఎలా తేలుస్తారు?

---

గామా కెమెరా · ఆదివారం రాత్రి

మొదట చూడాల్సింది మచ్చ ఎంత నల్లగా ఉందో. బాగా ఉన్న గోడతో పోలిస్తే సగానికి పైగా మందు పట్టి ఉంటే అక్కడ బతికున్న కండ చెప్పుకోదగ్గంత ఉందని లెక్క. సగం కంటే బాగా తక్కువైతే ఆశ తగ్గుతుంది. మేం ఒక చిన్న పని చేస్తాం. విశ్రాంతి సూదికి ముందు నాలుక కింద నైట్రేట్ మాత్ర పెడతాం. నాళాలు తెరుచుకుని మందు ఇంకొంచెం లోపలికి పోతుంది. దానితో మచ్చ కొంత నిండితే కండ బతికుంది.

అప్పటికీ తేలకపోతే పెట్ స్కాన్‌లో గ్లూకోజ్ లాంటి మందు ఇస్తారు. రక్తం అందకపోయినా నిద్రాణమైన కండ చక్కెర తింటూనే ఉంటుంది, చచ్చింది తినదు. రక్తం ఫొటోలో నలుపు, చక్కెర ఫొటోలో వెలుగు ఉంటే అది బతికున్నట్టే. షుగర్ ఉన్నవాళ్లకు ఈ పరీక్ష రోజు ఇన్సులిన్‌తో సర్దడం పెద్ద పని. గడోలినియం వేసి తీసే ఎంఆర్ఐ ఇంకో దారి, అందులో మచ్చకట్టిన భాగమే తెల్లగా వెలుగుతుంది.

---

తెనాలి అమ్మాయి · సోమవారం ఉదయం

అన్నా, రిపోర్టు రెండో పేజీలో ఒక సంఖ్యల పట్టీ ఉంది. శ్రమ మొత్తం 12, విశ్రాంతి మొత్తం 7, తేడా 5 అని. 12 అంటే ఎక్కువా?

ఇంకో భయం. మా అక్క ఇప్పుడు ఐదో నెల గర్భిణి, మా ఇంట్లోనే ఉంది. రేడియేషన్ మందు నాన్న ఒంట్లో ఉంది కదా? థాలియం అంటే విషమని ఎక్కడో చదివాను.

---

గామా కెమెరా · సోమవారం సాయంత్రం

అక్క గురించి ముందు. ఊరంతా థాలియం స్కాన్ అనే అంటారు కానీ ఇప్పుడు ఎక్కువచోట్ల వేసేది టెక్నీషియం. బిల్లు మీదో రిపోర్టు మొదట్లోనో సెస్టామిబి అని గానీ టెట్రోఫాస్మిన్ అని గానీ ఉంటుంది చూడండి. అది ఆరు గంటలకు సగమవుతుంది. ఒక రోజు గడిస్తే పదహారో వంతు, అదీ మూత్రంలో, విరేచనంలో పోయేది కాక. శుక్రవారం చేశారు, ఇవాళ సోమవారం. భయం వదిలేయండి. పాత థాలియం అయితే సగం కావడానికి మూడు రోజులు పడుతుంది, కానీ వేసేది అతి తక్కువ మోతాదు, విషం లెక్కలోకి రాదు.

థాలియానికీ దీనికీ ఇంకో తేడా ఉంది, మీ ప్రశ్నకు సంబంధించినదే. థాలియం కణంలోకి వెళ్లి మళ్లీ బయటికి వస్తుంది, రక్తంలో తిరిగి సర్దుకుంటుంది. అందుకే ఒక్క సూదితో శ్రమ ఫొటో తీసి, నాలుగు గంటల తర్వాత మళ్లీ తీస్తే మచ్చ నిండిందా లేదా తెలిసేది. టెక్నీషియం మందు కదలదు. సూది వేసిన ఆ నిమిషంలో రక్తం ఎలా పారిందో అలాగే నిలిచిపోతుంది, గంట తర్వాత ఫొటో తీసినా ఆ నిమిషమే కనిపిస్తుంది. అందుకే రెండు సూదులు.

ఇక సంఖ్యలు. ఎడమ గుండెను 17 గదులుగా విడదీసి ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కు వేస్తారు. సున్నా అంటే మామూలు, నాలుగు అంటే ఏమీ లేదు. అన్నీ ఖాళీ అయితే 68. మీ పట్టీలో కింది గోడ మూడు గదులకు ఏం వేశారో చూడండి.

---

తెనాలి అమ్మాయి · సోమవారం సాయంత్రం

కింద మూడు గదుల్లో 3, 2, 2. రెండు బొమ్మల్లోనూ అవే. ముందు గోడలో రెండు గదులకు 2, 2, కొసకు 1. విశ్రాంతిలో ఆ మూడూ సున్నా.

---

గామా కెమెరా · సోమవారం రాత్రి

చూశారా, మీ 12లో 7 కింది గోడదే. అది విశ్రాంతిలోనూ అలాగే ఉంది. తేడాగా మిగిలిన 5 మొత్తం ముందు గోడది. 68లో 5 అంటే ఏడు శాతం చిల్లర. శ్రమలో రక్తం చాలని బతికున్న కండ అంత.

మీరు నిద్రమానుకుని చూస్తున్నది కింద ఉన్న నల్ల మచ్చ. అది చాలావరకు నాలుగేళ్ల కిందటి కథ కావచ్చు. డాక్టరు గారు ఎక్కువసేపు చూసేది పైన పాలిపోయినట్టున్న చిన్న భాగాన్ని అనుకుంటున్నాను. ఎందుకంటే కింది గోడ మామూలుగా కుడి నాళానిది, ముందు గోడా కొసా ఎడమవైపు ముందు నాళానివి. అంటే ఇది పాత గాయం అంచు కాదు, రెండో నాళంలో వేరే పూడిక ఉండవచ్చు.

రెండో సంగతి, నేను గుండె వేగం ఎందుకు అడిగానంటే. 220లోంచి 61 తీస్తే 159. అందులో 85 శాతం అంటే 135 దాటాలి. నాన్నగారు 128 దగ్గర ఆగారు. పైగా మెటోప్రొలాల్ గుండెను పరుగెత్తనివ్వదు. జబ్బు ఉందో లేదో తేల్చే స్కాన్ అయితే దాన్ని ఒకటి రెండు రోజుల ముందు ఆపమంటారు, అదీ డాక్టరు చెబితేనే, సొంతంగా ఎప్పుడూ ఆపకూడదు. నాట్లు పూర్తిగా మొదలవకముందే కాలువను కొలిచినట్టయింది. అందుకని ఆ ఏడు శాతాన్ని "ఇంతే ఉంది" అనుకోకండి, "కనీసం ఇంత ఉంది" అనుకోండి. బుధవారం ఈ మాట డాక్టరు గారికి తప్పకుండా చెప్పండి, వేగం సంఖ్య రిపోర్టులో ఉన్నా మాత్ర వేసుకున్న సంగతి అందులో ఉండదు.

టీ గురించి ప్రసాద్ గారూ, ట్రెడ్‌మిల్ మీద చేసినప్పుడు టీతో పెద్ద చిక్కు లేదు. మీ అమ్మగారికి వేయబోయిన ఇంజక్షన్ సంగతి వేరు. అది అడెనోసిన్ తాళంలో దూరి నాళాలను తెరిపిస్తుంది. కాఫీలోని కెఫీన్ ముందే ఆ తాళంలో కూర్చుంటుంది. మందు వేసినా నాళాలు తెరుచుకోవు, ఉన్న జబ్బు కనిపించకుండా ఫొటో బాగున్నట్టు వస్తుంది. వాళ్లు వెనక్కి పంపడమే మేలు చేసింది. అయితే నడక కుదరక మధ్యలో ఇంజక్షన్‌కు మారాల్సి రావచ్చు కాబట్టి మేం అందరికీ ముందురోజు నుంచే టీ, కాఫీ, చాక్లెట్, కోలా వద్దంటాం.

---

ప్రసాద్ డాలస్ · సోమవారం రాత్రి

ఇన్నాళ్లకు అర్థమైంది. ఆ రోజు ఆ టెక్నీషియన్ మీద గట్టిగా అరిచాను.

---

పాలమూరు పంతులు · మంగళవారం ఉదయం

నాకు ఈ స్కాన్ మీదే నమ్మకం పోయింది. మా బావగారికి చేస్తే నార్మల్ అని వచ్చింది. రెండు నెలలు తిరక్కుండా యాంజియోలో మూడు నాళాలూ బ్లాకు, బైపాస్ చేశారు. మరి ఫిక్స్‌డ్ లేదు, రివర్సిబుల్ లేదు, ఏమీ లేదన్న రిపోర్టును ఏమనాలి?

---

గామా కెమెరా · మంగళవారం మధ్యాహ్నం

పంతులు గారూ, మీ కోపం న్యాయమే. ఇది ఈ పరీక్షకు నిజంగా ఉన్న గుడ్డిచోటు. మేం తీసేది పోలిక ఫొటో. గుండెలో అన్నిటికంటే బాగా వెలిగే చోటును నూరుగా పెట్టుకుని మిగతావాటిని దానితో పోలుస్తాం. మూడు కాలువలూ ఒకే తీరున పూడిపోతే మూడు పొలాలకూ ఒకేలా తక్కువ నీళ్లు వస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే అన్నీ సమానమే.

అలాంటప్పుడు వేరే గుర్తులు పట్టుకోవాలి. శ్రమ ఫొటోలో గుండె లోపలి గది విశ్రాంతి ఫొటోలోకంటే పెద్దగా కనిపించడం, శ్రమ తర్వాత ఈఎఫ్ పడిపోవడం, ట్రెడ్‌మిల్ మీద బీపీ పెరగాల్సింది పోయి తగ్గడం, ఈసీజీ గీత కిందికి దిగడం. బావగారి ట్రెడ్‌మిల్ కాగితాలు ఉంటే ఒకసారి చూడండి. మచ్చలు లేకపోయినా వీటిలో ఏదో ఒకటి ఉండే ఉంటుందని నా అనుమానం. పెట్ స్కాన్‌లో అయితే నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం పారుతుందో కొలవవచ్చు, అక్కడ ఈ మోసం చాలావరకు దొరుకుతుంది.

---

పాలమూరు పంతులు · మంగళవారం రాత్రి

కాగితాలు తీయించాను. బీపీ 150 నుంచి 124కి పడిందని రాసి ఉంది, మూడో దశలో. దాని గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

---

పల్లెటూరి డాక్టర్ · మంగళవారం రాత్రి

నేను కార్డియాలజీలో పనిచేస్తాను. గామా కెమెరా గారు చెప్పినవాటిలో తప్పేమీ లేదు, ఒక్క చోట నా అభిప్రాయం వేరు. రివర్సిబుల్ ఉంది కాబట్టి వెంటనే స్టెంట్ అని రాజు గారు మొదట్లో అన్నారు, ఆ మాట అలాగే ఉండిపోయింది.

2020లో ఇస్కీమియా అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. పరీక్షలో ఓ మోస్తరు, అంతకు మించి రివర్సిబుల్ జబ్బు ఉన్న 5 వేల మందికి పైగా రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మందులతో పాటు యాంజియో, అవసరమైతే స్టెంట్ లేదా బైపాస్. రెండో గుంపుకు ముందు మందులే. మరణాలు, గుండెపోట్లు కలిపి చూస్తే రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఛాతీ నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకు మాత్రం స్టెంట్, బైపాస్ తర్వాత నొప్పి బాగా తగ్గింది. అయితే ఎడమ ప్రధాన నాళంలో బ్లాకు ఉన్నవాళ్లను, ఈఎఫ్ 35 కంటే తక్కువ ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు.

ఈయనకు లక్షణాలు ఉన్నాయి, ఒక గోడ ముందే దెబ్బతింది, పరీక్షలో గుండె పూర్తి వేగం అందుకోలేదు. నేనైతే మందులు గట్టిగా మొదలుపెట్టి యాంజియోగ్రాం కూడా సూచిస్తాను. ఇంకొకరు ముందు మూడు నెలలు మందులు వాడి చూద్దాం అనవచ్చు. అదీ తప్పు కాదు.

---

వాకింగ్ మిత్రుడు · మంగళవారం రాత్రి

డాక్టర్ గారూ, అయితే నేను చెప్పింది తప్పేనా? నడక, ఆహారం వల్ల ఉపయోగం లేదా?

---

పల్లెటూరి డాక్టర్ · మంగళవారం రాత్రి

ఉపయోగం ఉందండీ, చాలా ఉంది. ఆ పరిశోధనలో మందుల గుంపు అంత బాగా నిలబడింది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు, బీపీ, షుగర్, పొగ మానడం, అలవాట్లు అన్నీ గట్టిగా పట్టుకోవడం వల్లే. కానీ ఆరు నెలల్లో బ్లాకు కరిగిపోతుందని మాత్రం చెప్పకండి. అది నమ్మి ఒకాయన మాత్రలు మానేసి నా దగ్గరికి స్ట్రెచర్ మీద వచ్చారు.

---

తెనాలి అమ్మాయి · తర్వాతి ఆదివారం

అందరికీ ఏమైందో చెప్పాలి కదా. బుధవారం డాక్టర్ గారిని కలిశాం. పాత ఈసీజీ చూడగానే కింది గోడ గాయం గుర్తులున్నాయన్నారు. మాత్ర వేసుకున్న సంగతి, 128 సంగతి చెప్పాను. తలూపి, అయితే స్కాన్ తక్కువగానే చూపించి ఉంటుంది, యాంజియో చేద్దాం అన్నారు.

శుక్రవారం చేశారు. కుడి నాళం మధ్యలో పూర్తిగా మూసుకుపోయింది, ఎప్పటిదో పాతది. ఎడమ ముందు నాళంలో 80 శాతం. ఎడమ నాళం నుంచి సన్నటి కొమ్మలు కుడివైపుకు పెరిగి కొంచెం రక్తం ఇస్తున్నాయట. అంటే ఆ 80 శాతం బ్లాకు మీదే రెండు గోడలూ ఆధారపడి ఉన్నాయి.

ముందు నాళానికి స్టెంట్ వేద్దామని డాక్టర్ గారు అంటున్నారు. షుగర్ ఉంది కాబట్టి సర్జన్‌ను కూడా ఒక మాట అడగమని ఆయనే చెప్పారు. కుడి నాళం తెరవాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు. కింది గోడ నిజంగా చచ్చిందా, అన్న చెప్పినట్టు నిద్రలో ఉందా చూశాక ఆలోచిద్దామన్నారు. వచ్చే వారం పెట్ స్కాన్ రాశారు.

నాన్న బాగానే ఉన్నారు. మెట్లెక్కనివ్వట్లేదు, మంచం కిందికి దించాం.

---

గామా కెమెరా · తర్వాతి ఆదివారం

ఎన్ని గంటలకు పెట్ స్కాన్ ఇచ్చారో, ఆ రోజు నాన్నగారి ఇన్సులిన్, మాత్రలు ఎలా వేసుకోవాలో ముందే రాయించుకోండి. పొద్దున షుగర్ 200 పైన ఉంటే ఫొటో పాడవుతుంది, వెనక్కి పంపినా పంపుతారు. ఫలితం వచ్చాక పాత స్కాన్ సీడీ కూడా తీసుకెళ్లండి. రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితేనే ఆ 3, 2, 2 గదుల్లో ఎన్ని వెలిగాయో తెలుస్తుంది.

---

మల్లెతీగ · తర్వాతి ఆదివారం

నేను నా పాత రిపోర్టు మళ్లీ తీసి చూశాను. "ముందు గోడ మందం కావడం మామూలుగా ఉంది" అని కింద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. ఏడాదిగా నేను ఫిక్స్‌డ్ అన్న ఒక్క మాటే చదువుతున్నాను. తెనాలి అమ్మాయీ, పెట్ స్కాన్ అయ్యాక ఇక్కడ రాయమ్మా, ఎదురుచూస్తుంటాం.